తెర మీద 318, చేతికి 302

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలి ఉత్తరం:

"పర్లాకిమిడిలో చీరల దుకాణం నడుపుకుంటున్నాను. నాన్నగారు పోయాక ఆయన పేరున ఉన్న ఒక చిన్న కంపెనీ షేర్లు 1200 నా డీమ్యాట్ ఖాతాకు వచ్చాయి. భువనేశ్వర్‌లో చదువుతున్న మా అబ్బాయి ఫీజు, హాస్టలు కలిపి ఇంకో ఇరవై రోజుల్లో 2 లక్షలు కట్టాలి. ఫోనులో ధర 318 అని చూసి, ముందుగా 200 షేర్లు, ఎంతకని చెప్పకుండా మార్కెట్ ఆర్డర్ పెట్టి అమ్మాను. కాంట్రాక్ట్ నోట్ చూస్తే 40 షేర్లు 308కి, 60 షేర్లు 304కి, 100 షేర్లు 299కి పోయాయి. సగటు 302.30. మూడు వేలకు పైగా పోయిందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మిగిలిన 1000 షేర్లకు 318కి తగ్గకూడదని లిమిట్ పెట్టాను. ఆరు రోజులుగా దుకాణం తెరిచి పదిన్నరకు పెడుతున్నాను. ఒక్కటీ పోలేదు. ఈ రోజు 11.42కి సరిగ్గా 318కే 5 షేర్లు అమ్ముడయ్యాయి. అవీ నావి కావు! 318కి పైసా కూడా తగ్గవద్దని అన్నయ్య అంటాడు. ఎంతకో అంతకు అమ్మేసి మరిచిపొమ్మని మా అబ్బాయి అంటాడు.

నా ఆర్డర్ తీసేసి, ఒంటిగంటకు తెర మీద ఉన్నది రాసి పంపుతున్నాను. కొనేవారు: 306కి 40, 305.10కి 25, 303కి 150, 300కి 410, 295కి 200. అమ్మేవారు: 314.50కి 30, 316కి 85, 318కి 60, 320కి 500, 325కి 300. నిన్నటి ముగింపు 312. రోజుకు సుమారు 700 షేర్లు చేతులు మారుతున్నాయి. నేను ఎంతకు పెట్టాలి?"

సమాధానం:

మీరు పట్టిక మొత్తం రాసి పంపడం మంచిదైంది. చాలామంది "ఈ షేరు 318లో ఉంది" అని ఒక్క ముక్క రాసి సలహా అడుగుతారు. ఆ ఒక్క అంకెతో చెప్పగలిగింది ఏమీ ఉండదు.

ముందు ఆ 318 సంగతి చూద్దాం, ఎందుకంటే మీ అన్నయ్య పట్టుదల, మీ నిద్ర లేని రాత్రి రెండూ దాని నుంచే వచ్చాయి. తెర మీద LTP అని కనిపించేది చివరి లావాదేవీ జరిగిన ధర. పండగ ముందు సాయంత్రం ఎవరో హడావిడిగా వచ్చి బేరం ఆడకుండా మీ దుకాణంలో ఒక చీర 900 ఇచ్చి తీసుకెళ్లారనుకోండి. మర్నాడు అలాంటివే రెండు వందల చీరలు తెచ్చి "నిన్న మీ దగ్గర 900 పలికింది కదా, కొనండి" అని ఎవరైనా అంటే మీరు కొంటారా? 318 అలాంటిదే. ఈ రోజైతే అది ఎవరో అయిదు షేర్లకు ఇచ్చిన ధర. పెద్ద కంపెనీల షేర్లలో సెకనుకు ఎన్నో లావాదేవీలు జరుగుతాయి కాబట్టి చివరి ధరకు, ఇప్పటి ధరకు తేడా ఉండదు. మీ షేరులో గంటల తరబడి లావాదేవీ ఉండదు, చివరి ధర మాత్రం తెర మీద పెద్ద అక్షరాల్లో నిలిచే ఉంటుంది.

మీ షేరుకు ఈ క్షణాన ఉన్నవి రెండు ధరలు. వెంటనే అమ్మాలంటే 306, వెంటనే కొనాలంటే 314.50. మధ్యలోని 8.50 రూపాయలనే స్ప్రెడ్ అంటారు. రెంటికీ నడిమి ధర 310.25. దాని మీద చూస్తే ఈ ఎడం దాదాపు 2.75 శాతం. రోజూ లక్షల షేర్లు చేతులు మారే కంపెనీల్లో ఇది పైసల్లో ఉంటుంది.

ఇప్పుడు మీ 200 షేర్ల అమ్మకాన్ని మళ్లీ లెక్క వేయండి. 318తో పోలిస్తే షేరుకు 15.70, మొత్తం 3,140 పోయినట్టు కనిపిస్తుంది. కానీ మీరు అమ్మిన క్షణాన ఎదురుగా ఉన్న మేలైన కొనుగోలు ధర 308. అంటే 318కి, 308కి మధ్య ఉన్న 2,000 రూపాయలు అసలు మీ చేతికి అందేవి కావు. ఆ ధరకు వెంటనే కొనేవాళ్లు అప్పుడు లేరు. నిజంగా పోయింది మిగతా 1,140. అది లోతు తక్కువ కావడం వల్ల పోయింది. 308 దగ్గర 40 షేర్లకే కొనేవారు ఉన్నారు. మార్కెట్ ఆర్డర్‌కు ఎక్కడ ఆగాలో తెలియదు. 40 అయిపోగానే 304కు, అక్కడ 60 అయిపోగానే 299కి దిగిపోయింది. మీరు 304 అని లిమిట్ పెట్టి ఉంటే మొదటి వంద మాత్రమే పోయేవి, చివరి వంద మీ దగ్గరే ఉండేవి. ఇదే తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల క్రితం బరంపురంలో ఒక బ్రోకరు దగ్గర టెర్మినల్ ముందు కూర్చున్న కొత్తలో, ఖాతాదారు చెప్పాడు కదా అని లోతు చూడకుండా మార్కెట్ ఆర్డర్ కొట్టేశాను. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. కాంట్రాక్ట్ నోట్ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ని.

రెండో చిక్కు, 318 దగ్గర ఆరు రోజుల నిరీక్షణ. ఎక్స్ఛేంజిలో వరుసకు రెండు సూత్రాలు. తక్కువ ధరకు అమ్ముతానన్నవారు ముందు, ఒకే ధర చెప్పిన వారిలో ముందుగా వచ్చినవారు ముందు. ఈ ఉదయం 11.42కి 318కే లావాదేవీ జరిగిందంటే, అప్పటికి 314.50 వారు, 316 వారు ఇంకా రాలేదన్నమాట. వారు ఉంటే కొనే మనిషికి వారి షేర్లే ముందు వచ్చేవి. ఇక 318 దగ్గర మీకంటే ముందే మరొకరు నిలబడి ఉన్నారు. ఆ 60 షేర్లవారు బహుశా తొమ్మిదింబావుకే వరుసలో చేరి ఉంటారు, మీరు పదిన్నరకు చేరారు. అయిదు షేర్లూ వారివే పోయాయి. ఒకవేళ ఇప్పుడు మీరు మళ్లీ 318 పెడితే మీ కంటే ముందు 30, 85, 60, వెరసి 175 షేర్లు అమ్ముడవ్వాలి. అదీ ఆ మధ్యలో ఇంకెవరూ తక్కువ ధరతో రాకపోతే.

ఇంకో సంగతి కూడా ఉంది. DAY అని పెట్టిన ఆర్డర్ మూడున్నరకు రద్దయిపోతుంది. మర్నాడు మీరు పెట్టేది కొత్త ఆర్డర్, వరుసలో కొత్త చోటు. "జీటీటీ పెడితే నెలల తరబడి ఉంటుంది కదా" అనుకోకండి. అది బ్రోకరు దగ్గర ఉండే సూచన మాత్రమే. మీరు చెప్పిన ధర వచ్చాక అది ఎక్స్ఛేంజికి వెళుతుంది, అప్పటివరకు వరుసలో మీకు చోటు ఉండదు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు, వెయ్యి షేర్లను ఒకేచోట కనబడేలా పెట్టడం. ఈ పట్టికలో అందరూ 30, 85, 60 అంటుంటే మీ 1000 గోడలా నిలబడింది. కొనేవారు దాన్ని చూసి "ఇంత సరుకు ఉంది, తొందరేముంది, వాళ్లే దిగుతారు" అనుకుంటారు. అమ్మేవారు చూసి "ఈ గోడ వెనకాల నిలబడితే మనవంతు రాదు" అని 316కి, 314.50కి దిగుతారు. ఒకే రంగు చీరలు వంద దుకాణం ముందు వేలాడదీస్తే వాటికి ధర పలకదని మీకు నేను చెప్పనక్కరలేదు. మీ 318ను ఎవరూ తాకకపోవడానికి కొంత కారణం మీ ఆర్డరే.

డిస్‌క్లోజ్డ్ క్వాంటిటీ అని ఒక సదుపాయం ఉంది. మొత్తంలో కొంత భాగమే తెర మీద చూపమని చెప్పవచ్చు, కనీసం పదో వంతు చూపాలి. వెయ్యికి వంద కనిపిస్తాయి, అవి అమ్ముడయ్యాక మరో వంద బయటికి వస్తాయి. కాకపోతే అలా వచ్చిన ప్రతి కొత్త వంద ఆ ధర దగ్గర వరుస చివరికి పోతుంది. పైగా ఒకే ధర దగ్గర సరుకు మళ్లీ మళ్లీ పుట్టుకొస్తుంటే గమనించేవారు పట్టేస్తారు. మీ పరిమాణానికి చేత్తోనే కొద్దికొద్దిగా పెట్టుకోవడం మేలు.

ఇక ఎంతకు పెట్టాలి అన్నది. దానికంటే ముందు ఎన్ని అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే మీరు వెయ్యి షేర్లకు ఒకే ధర వెతుకుతున్నారు, ఆ అవసరమే మీకు లేదు. కట్టాల్సింది 2 లక్షలు. మొదటి అమ్మకంలో 60,460 వచ్చింది. ఇంకా కావలసింది సుమారు 1,40,000. షేరు 300కే పోయినా 470 అమ్మితే 1,41,000 వస్తుంది, ఖర్చులకు ఇంకా కొంత మిగులుతుంది. అంటే ఇరవై రోజుల గడువు ఉన్నది 470 షేర్లకే. మిగతా 530కి ఏ గడువూ లేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లనే అన్నయ్య మాటా అబ్బాయి మాటా రెండూ సగం నిజంలా వినిపిస్తున్నాయి.

470 షేర్లకు ఒక దారి, ఈ రోజే ముగించడం. మీరు పంపిన పట్టిక ప్రకారం 306కి 40, 305.10కి 25, 303కి 150, మిగిలిన 255 షేర్లు 300కి పోతాయి. మొత్తం 1,41,817 రూపాయలు, సగటు 301.74. ఫీజు తీరుతుంది, రేపటి గురించి బెంగ ఉండదు. అబ్బాయి మాటలో ఉన్న న్యాయం ఇది. కానీ మార్కెట్ ఆర్డర్ మాత్రం వద్దు. 300 దగ్గర కనిపించే ఆ 410 మీరు నొక్కే క్షణంలో ఉండకపోవచ్చు. లేకపోతే మార్కెట్ ఆర్డర్ 295కి, అక్కడా చాలకపోతే తెర మీద కనబడని ఇంకా కింది ధరలకు పోతుంది. లిమిట్ ధర 300 పెట్టి, వ్యాలిడిటీ దగ్గర IOC ఎంచుకోండి. వెంటనే దొరికినంతవరకు అమ్మి, మిగిలినది రద్దు చేయమని దాని అర్థం. 306 వారికి 306కే, 303 వారికి 303కే పోతాయి. 300 మీ నేల, దాని కిందికి దిగదు.

IOC ఎందుకని మీకు అనిపించవచ్చు. మామూలు DAY ఆర్డర్ 300 లిమిట్‌తో పెట్టి, కొనేవారు సగంలోనే అయిపోయారనుకోండి. మిగిలిన మీ షేర్లు 300కి అమ్మకానికి పట్టికలో అందరికీ కనబడుతూ నిలబడిపోతాయి. అంతవరకూ 314.50 ఉన్న మేలైన అమ్మకపు ధర ఒక్కసారిగా 300 అవుతుంది. ఆ తర్వాత మీ దగ్గర 306 ఇచ్చి ఎవరు కొంటారు? పలుచని షేర్లలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇలా మిగిలిపోయిన ముక్క చేసినవే.

రెండో దారి ఓపిక. స్ప్రెడ్ లోపల, 312 చుట్టుపక్కల అమ్మకానికి పెట్టి కొనేవారు పైకి రావడం కోసం ఆగడం. 470 షేర్లూ 312కి పోతే 1,46,640 వస్తుంది. ఈ రోజే ముగిస్తే వచ్చేదానికంటే 4,800 పైచిలుకు ఎక్కువ. మొత్తం ఈ తర్జనభర్జన అంతా ఆ 4,800 గురించేనని ఒకసారి మనసులో పెట్టుకోండి. అది 3.4 శాతం. మీరు ఆగిన రోజుల్లో షేరు అంతకంటే ఎక్కువ పడితే ఓపికకు దక్కిన కూలి పోయినట్టే. ఇలాంటి షేర్లు రెండు రోజుల్లో అంత కదలడం వింత కాదు. పైకి కదలవచ్చు కూడా, దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

మూడోది, నేను మీ స్థానంలో ఉంటే చేసేది. ఇరవై రోజుల్లో సెలవులు తీసేస్తే ట్రేడింగ్ రోజులు పదమూడో పధ్నాలుగో ఉంటాయి. డబ్బు అమ్మిన మర్నాటి పనిదినానికి ఖాతాలో చేరుతుంది, అక్కడి నుంచి బ్యాంకుకు రావడానికి మరో రోజు వేసుకోండి. చేతిలో పన్నెండు రోజులు ఉన్నాయనుకుందాం. రోజూ అమ్మవద్దు. అమ్మకం జరిగిన ప్రతి రోజుకూ ఒక్కో కంపెనీకి డీమ్యాట్ నుంచి షేర్లు తీసినందుకు ఒక స్థిర రుసుము పడుతుంది. బ్రోకరును బట్టి మారినా సాధారణంగా 15-20 రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. 80 షేర్ల మీద అది లెక్కలోకి రాదు. పొరపాటున 5 షేర్లే పోయిన రోజున మాత్రం 1,500 రూపాయల సరుకు మీద శాతానికి పైగా తినేస్తుంది. బ్రోకరేజీ ఆర్డరుకు ఇంత అని ఉంటే అది అదనం. కాబట్టి రోజు విడిచి రోజు 80 చొప్పున, ఆరు విడతలు.

ఎనభై ఎందుకంటే, రోజుకు 700 చేతులు మారే షేరులో అది పదో వంతు కంటే కొంచెం ఎక్కువ. అంతవరకు మీ రాక ధరను పెద్దగా కదిలించదని ఈ వృత్తిలో ఉన్నవారు సాధారణంగా అనుకునే హద్దు. అయితే ఆ 700ను నమ్మే ముందు ఒక పని చేయండి. గత ఇరవై ట్రేడింగ్ రోజుల పరిమాణాలు కాగితం మీద చిన్నది నుంచి పెద్దది వరకు రాసి, నడిమి అంకె చూడండి. ఒక్క రోజు ఎవరో ఆరు వేలు కొని ఉంటే సగటు ఉబ్బిపోతుంది. మీరు 200 అమ్మిన రోజు కూడా ఆ సగటులోనే ఉంది. నడిమి అంకె 350 అని తేలితే విడతను 40 చేసి, రోజులు పెంచాలి.

ఆ 80 షేర్లు ఎంతకు పెట్టాలి? పొద్దున తొమ్మిదింబావుకు వద్దు. తెరిచిన కాసేపు ఇలాంటి షేర్లలో స్ప్రెడ్ మరీ వెడల్పుగా ఉంటుంది. మీరు దుకాణం తెరిచే పదిన్నర నిజానికి మంచి వేళే. అప్పటి పట్టిక చూసి, అమ్మేవారి మొదటి ధర కంటే లోపలికి రండి. ఎంత లోపలికి అన్నది మూడు రోజులు గమనిస్తే తెలుస్తుంది. జరిగిన ప్రతి లావాదేవీ ధర, పరిమాణం రాసుకోండి, ఆ సమయంలో ఇరువైపులా ధరలు ఎంత ఉన్నాయో పక్కన రాసుకోండి. రోజుకు పది పన్నెండు కంటే ఎక్కువ ఉండవు, గల్లా దగ్గర కూర్చునే రాసుకోవచ్చు. ఎక్కువ లావాదేవీలు 314 వైపు జరుగుతుంటే కొనేవారే తొందరలో ఉన్నారని అర్థం, 313.90 పెట్టి నిలబడవచ్చు. ఎక్కువ 306 వైపు జరుగుతుంటే అమ్మేవారే దిగివస్తున్నారు. అప్పుడు నడిమి ధర 310.25కి దగ్గరగా, ఇంకా కొంచెం కిందికి వస్తే కానీ పని జరగదు. అయితే 307 దాకా వచ్చాక ఇక వేచి చూడటంలో అర్థం లేదు. ఒక్క రూపాయి కోసం అయిదు గంటలు నిలబడటం కంటే 306 వారికి ఇచ్చేయడమే నయం.

ఈ ధరల దగ్గర ధర మారేది 5 పైసల చొప్పున. మీరు 311 పెట్టగానే ఎవరో 310.95 పెడతారు. కోపం వస్తుంది, మీరు 310.90 పెడతారు. ఈ ఆట ఆడవద్దు. ధర మార్చిన ప్రతిసారి వరుసలో మీ చోటు పోతుంది. పరిమాణం పెంచినా పోతుంది, తగ్గిస్తే మాత్రం పోదు. ముందు దూరినవారివి 20, 30 షేర్లయితే వదిలేయండి, అవి పోగానే మీ వంతు. 300 షేర్లతో వచ్చి నిలబడితే ఒక్కసారి, ఒకేసారి, వారికంటే కిందికి దిగండి. గుండు అంకెల దగ్గర జనం పోగవుతారన్నది కూడా గుర్తుంచుకోండి. మీ పట్టికలోనే 320 దగ్గర 500, 300 దగ్గర 410 ఉన్నాయి చూడండి. అమ్మేటప్పుడు 310 అనేకంటే 309.95 అంటే, పోయేది షేరుకు అయిదు పైసలు, దక్కేది ఆ గుంపుకు ముందు చోటు.

మధ్యాహ్నం రెండున్నరకు ఎన్ని మిగిలాయో చూడండి. మిగిలినవాటిని ముందు రద్దు చేసి, కొనేవారి వైపు మొదటి ఒకటి రెండు మెట్లకు సరిపడేన్ని మాత్రమే IOC మీద అమ్మండి. ఇవాళ్టి పట్టిక అయితే 305.10 లిమిట్‌తో 65 షేర్లు. 303 మెట్టు దాకా దిగాల్సిన అవసరం మొదటి వారంలో లేదు. చివరి మూడు రోజుల్లో వెనకబడి ఉంటే అప్పుడు దిగండి, ఆఖరి రోజున 300 నేలగా పెట్టి ముగించండి.

ఇలా కొనేవారికి అమ్మినప్పుడు తర్వాతి అరగంట పట్టికను గమనించండి. మీరు చేస్తున్నది సరిగ్గా ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. 306 దగ్గర 40 మీరు ఇచ్చేయగానే మళ్లీ అక్కడే ఇంకో 40 ప్రత్యక్షమైతే, ఎవరో పెద్ద ఆర్డర్‌ను కొంచెం కొంచెంగా చూపిస్తూ కొంటున్నారు. అలాంటి రోజున రెండు విడతలు కలిపి ఇచ్చేయవచ్చు. కాసేపటికి 305.50 దగ్గర కొత్తవారు వచ్చినా ఫరవాలేదు. కానీ మీరు అమ్మాక మేలైన కొనుగోలు ధర 303కి పడిపోయి, అరగంటయినా అక్కడే ఉండిపోతే, ఆ రోజుకు ఈ షేరులో ఉన్న గిరాకీ అంతా మీరే వాడేశారు. ఫోను పక్కన పెట్టేయండి. రెండు విడతలు వరసగా ఇలా జరిగితే 80 మీకు ఎక్కువన్నమాట.

పట్టిక అడుగున కనిపించే మొత్తం కొనుగోళ్లు, మొత్తం అమ్మకాలు అనే రెండు పెద్ద అంకెలను పట్టించుకోవద్దు. ఎక్కడో 285 దగ్గర ఆశకొద్దీ పెట్టిన ఆర్డర్లు కూడా వాటిలో కలిసిపోతాయి. పైన ఉన్న అయిదు మెట్లలోనూ పెద్ద అంకె కనిపిస్తే వెంటనే నమ్మకండి. 300 దగ్గరి ఆ 410 పది నిమిషాల తర్వాత కూడా ఉందా, ధర 301కి వచ్చినప్పుడు నిలబడిందా, మాయమైందా అన్నది చూడాలి. చూపించడానికే పెట్టి, దగ్గరికి రాగానే తీసేసే ఆర్డర్లు ఉంటాయి.

మీరు రాసింది ఏ ఎక్స్ఛేంజి పట్టికో చెప్పలేదు. కంపెనీ ఎన్ఎస్ఈ, బీఎస్ఈ రెంటిలోనూ ఉంటే యాప్‌లో రెండోది కూడా తెరిచి చూడండి. డీమ్యాట్‌లో ఉన్న షేర్లను ఎక్కడైనా అమ్మవచ్చు. అక్కడ 308కి వంద మంది కాకపోయినా వంద షేర్లకు కొనేవారు ఉండవచ్చు. ఇక్కడ 306 దగ్గర తల పట్టుకుని కూర్చోవడం దేనికి?

ఒక రోజులో ధర ఎంతవరకు కదలవచ్చో చెప్పే సర్క్యూట్ పరిమితి గురించి ఒక మాట. నిన్నటి ముగింపు 312 కాబట్టి, అయిదు శాతం పరిమితి ఉన్న షేరైతే ఈ రోజు 296.40 కంటే తక్కువకు ఎవరూ ఆర్డర్ పెట్టలేరు. మీ పట్టికలో 295 కనిపిస్తోంది. అంటే పరిమితి పదో ఇరవయ్యో శాతం అయి ఉండాలి. అంత వెడల్పు ఉన్నప్పుడు మార్కెట్ ఆర్డర్ ఇంకా లోతుకు పడగలదు, అందుకే నేల పెట్టుకోమని ఇన్నిసార్లు చెబుతున్నాను. ఏదైనా చెడ్డవార్త వచ్చి షేరు కింది పరిమితిని తాకితే కొనేవారి వైపు ఖాళీ అయిపోతుంది. అప్పుడు ధర ఎంచుకునే అవకాశమే ఉండదు, పొద్దున్నే వరుసలో చేరినవారికే అమ్మకం దొరుకుతుంది. కంపెనీ త్రైమాసిక ఫలితాల తేదీ మీ ఇరవై రోజుల్లోనే ఉంటే, 470 షేర్ల పని ఆ తేదీకి ముందే ముగించండి. ఫీజు డబ్బుతో ఫలితాల మీద పందెం కాయలేం.

మీరు ఓపిక పట్టలేని మనిషైతే, దుకాణంలో గిరాకీ మధ్య ఫోను చూసుకోవడం కుదరకపోతే, మొదటి దారినే ఎంచుకోండి, తప్పేమీ లేదు. 4,800 రూపాయలకు పన్నెండు రోజుల చికాకు కొనుక్కోకపోవడం కూడా ఒక లెక్కే. కాకపోతే 470నీ ఒక్క దెబ్బకు కాక, రెండు మూడు రోజుల్లో 150 చొప్పున IOC మీద ఇచ్చినా, మధ్యలో కొనేవారు మళ్లీ చేరడానికి వ్యవధి దొరికి, 300 దాకా దిగేవి తగ్గవచ్చు.

మిగిలిన 530 సంగతి. అన్నయ్య మాట వినదగ్గది ఇక్కడే. గడువు లేని షేర్లకు 318 అడగడంలో తప్పులేదు. కాకపోతే అడిగే తీరు మార్చండి. 317.95కి 40 షేర్లు, అంతే. తొమ్మిదింబావు దాటగానే పెట్టేస్తే ఆ ధర దగ్గర వరుసలో ముందుంటారు. పోయిన రోజు పోతాయి, లేనిరోజు లేదు. ఫీజు కోసం 80 అమ్మే రోజుల్లో మాత్రం దీన్ని పెట్టకండి. కొనేవారు 317.95 దగ్గర మీ 40 చూసి మీ 311ను ఇంకా కిందికి దించాలని చూస్తారని కాదు, ఏ ఆర్డర్ దేనికి పెట్టారో సాయంత్రానికి మీకే గందరగోళమవుతుంది.